14 షేర్లు ఉన్నా అన్నీ ఒకేసారి ఎందుకు పడతా ఉండాయి?

బైరాగిపట్టెడ బాబు
ఒక డౌటు అన్నా. నా దగ్గర 14 షేర్లు ఉండాయి, ఒక్కోదాంట్లో 20 వేలు, మొత్తం 2 లక్షల 80 వేలు. ఆరు ప్రైవేటు బ్యాంకులు, ఐదు ఫైనాన్స్ కంపెనీలు, రెండు ఇంటి లోన్ల కంపెనీలు, ఒకటి మైక్రోఫైనాన్సు. డబ్బంతా ఒక్కదాంట్లోనే పెట్టద్దంటారు గదా అని పంచి పెట్టినా. కానీ మార్కెట్ పడిన రోజు యాప్ తెరిస్తే పద్నాలుగూ ఎర్రగానే ఉంటాయి, ఒక్కటన్నా పచ్చగా కనపడదు. ఏందిది?

పలమనేరు పిల్లోడు
14 చాలదు బ్రో. 30 పెట్టు, అప్పుడు రిస్కు తగ్గుతుంది.

లీలామహల్ సర్కిల్
నాది వేరే కథ. 2020కి ముందు నాకు గోవిందరాజస్వామి గుడి దగ్గర చిన్న లాడ్జి, ఎయిర్‌పోర్టుకు తిరిగే రెండు కార్లు, బస్టాండు దగ్గర బొమ్మల అంగడి ఉండేవి, మూడు యాపారాలు కాబట్టి నాకేం కాదులే అనుకుంటా ఉండేవాణ్ణి. మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేసినారు, మళ్ళీ జనానికి జూన్ 11 నుంచే. ఆ రెండున్నర నెలలు మూడింట్లోనూ పైసా లేదు. మూడిటికీ కస్టమరు ఒక్కడే, కొండకొచ్చే భక్తుడు.

అలిపిరి అక్క
లీలామహల్ అన్న చెప్పిందే అసలు సంగతి. బాబూ, నీ పద్నాలుగు కంపెనీల పేర్లు వేరు గానీ వాటిని ఊపే చెయ్యి ఒకటే. వడ్డీ రేట్లు మారినా, అప్పు తీసుకున్నోళ్ళు కిస్తీ కట్టలేకపోయినా అన్నిటికీ ఒకేసారి తగులుతుంది. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్క రోజులో 13 శాతం పడింది, బ్యాంకు షేర్లు అంతకంటే ఎక్కువ.

పిల్లోడు చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. ఒక్క కంపెనీ మునిగిపోయే రిస్కు సంఖ్య పెంచితే తగ్గుతుంది, 14లో ఒకటి సున్నా అయినా పోయేది 7 శాతమే. తగ్గనిది అన్నీ కలిసి పడే రిస్కు. లెక్కేసి చూపిస్తా. ఒక్కో షేరు ఊగిసలాట ఏడాదికి 30 శాతం, ఏ రెండు తీసుకున్నా కోరిలేషన్, అంటే అవి ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే నంబరు, 0.7 అనుకో. 14 పెడితే మొత్తం ఊగిసలాట 25.5 వస్తుంది. వంద పెట్టినా 25 కంటే కిందికి దిగదు. అదే 0.2 కోరిలేషన్ ఉన్న ఐదు షేర్లు పెడితే చాలు, 18కి వచ్చేస్తుంది.

పలమనేరు పిల్లోడు
ఓహ్. అంటే కోరిలేషన్ సున్నా ఉంటే ఒకటి పడితే ఇంకోటి లేస్తుందా అక్కా?

అలిపిరి అక్క
కాదు, అది మైనస్ ఉన్నప్పుడు. సున్నా అంటే దీని కదలిక చూసి దాని కదలిక చెప్పలేమని అంతే, రెండూ ఒకే రోజు పడినా పడచ్చు.

బాబూ, గూగుల్ షీట్‌లో నువ్వే చూసుకోవచ్చు. A కాలమ్‌లో వారం తేదీలు, B, C ల్లో రెండు షేర్ల వారం ధరలు, మూడేళ్ళవి, రెండో వరుస నుంచి పెట్టు. కోరిలేషన్ ధరలకు తియ్యద్దు, వారం వారం ఎంత శాతం మారిందో దానికి తియ్యి. పదేళ్ళుగా పెరిగిన ఏ రెండు షేర్లైనా ధరలు పెట్టి చూస్తే కవలపిల్లల మాదిరి కనిపిస్తాయి, అక్కడే చానామంది మోసపోతారు.

```
D3: =B3/B2-1
E3: =C3/C2-1
G1: =CORREL(D3:D157,E3:E157)
```

D3, E3 కిందిదాకా లాగు.

తోతాపురి
మరి బంగారం కొంటే సరిపోతుందా? ఈ షేర్లు ఇప్పుడు అమ్మేయాల్నా ఉంచాల్నా చెప్పండి, నాక్కూడా బ్యాంకు షేర్లు ఉండాయి.

లీలామహల్ సర్కిల్
ఆయన అడిగింది అమ్మాల్నా అని కాదు స్వామీ 😄

అలిపిరి అక్క
బంగారం చానాసార్లు వేరే దారిలో పోతుంది, నిజమే. కానీ 2020 మార్చిలో అందరూ క్యాష్ కోసం దొరికిందల్లా అమ్ముకున్న కొన్ని రోజులు అది కూడా పడింది, తర్వాత లేచిందనుకో. మామూలు రోజుల్లో 0.3 కనపడిన జతే భయం పట్టినప్పుడు 0.8 అయిపోతుంది, అందుకే షీట్‌లో వచ్చిన నంబరును మరీ నమ్ముకోవద్దు.

బైరాగిపట్టెడ బాబు
రాత్రి కూర్చుని చేసినా అక్కా. రెండు బ్యాంకులకు 0.74, బ్యాంకుకూ ఇంటి లోన్ల కంపెనీకీ 0.69. మైక్రోఫైనాన్స్ ఒకటే 0.41, అది వేరే మాదిరి ఉండాది కాబట్టి దాన్ని పెంచుదామా?

అలిపిరి అక్క
తొందరపడద్దు. అది చిన్న కంపెనీ, దాని సొంత గొడవలతోనే ఎక్కువ ఊగుతుంది, అందుకే నంబరు తక్కువ చూపిస్తా ఉండచ్చు. కిస్తీలు ఆగిపోయిన రోజు అది కూడా మిగతావాటితోనే పడుతుంది. అవునూ, నువ్వు ఏం పని చేస్తావు?

బైరాగిపట్టెడ బాబు
చిత్తూరులో ఒక ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ అక్కా. బండి లోన్లు.

లీలామహల్ సర్కిల్
అయితే పదిహేనోది నీ జీతం బాబూ.

బైరాగిపట్టెడ బాబు
అయ్యో. 2020లో మూడు నెలలు సగం జీతమే ఇచ్చినారు, షేర్లు పడింది కూడా అప్పుడే.