అప్‌డేట్: దుబాయ్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాను

నా ప్రశ్న: "మాది కావలి. దుబాయ్‌లో కొత్త కంపెనీ నెలకి 1,500 దిర్హామ్‌లు ఇస్తానంటోంది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. సంతకం పెట్టేయనా?"

షార్జాలో అకౌంట్స్ చూసే మా ఊరి స్నేహితుడు సెలవు రోజున రూముకొచ్చి ఒక్కో క్లాజూ చదివి చెప్పాడు. జీతం దగ్గర పెన్సిలుతో గీత గీసి ఆగాడు. బేసిక్ 600, మిగతా 900 అలవెన్సులు.

"మొత్తం చూసి మురిసిపోవద్దు అబ్బయ్యా. ఇక్కడ ఓటీ, గ్రాట్యుటీ రెండూ బేసిక్ మీదే లెక్కకడతారు" అన్నాడు.

ఏడాది సర్వీసు నిండాక, మొదటి ఐదేళ్లకూ ఏడాదికి 21 రోజుల బేసిక్ గ్రాట్యుటీగా వస్తుంది. 600 అంటే రోజుకి 20 చొప్పున ఏడాదికి 420 దిర్హామ్‌లే. నెలనెలా చేతికొచ్చేది మారదు కాబట్టి చాలామంది దీన్ని చూడరు. నాకైతే అసలు క్లాజు ఇదే అనిపించింది.

ఇంకోచోట, రెండేళ్లలోపు మానేస్తే వీసా ఖర్చు జీతంలో కోస్తామని ఉంది. ఉద్యోగంలో పెట్టుకున్న ఖర్చును కార్మికుడి మీద వేయడం యూఏఈ చట్టం ఒప్పుకోదన్నాడు. ప్రొబేషన్ ఆరు నెలలు, అది చట్టం ప్రకారమే ఉంది.

మర్నాడు టెన్షన్‌గానే హెచ్ఆర్‌ని అడిగాను. వీసా క్లాజు తీసేశారు. బేసిక్ 1,000 అడిగితే 900కి ఒప్పుకున్నారు, అంటే గ్రాట్యుటీ ఏడాదికి 630. కొత్త ప్రింటులో ఆ అంకెలు చూసుకున్నాకే సంతకం పెట్టాను.