అలర్జీ మాత్రల విషప్రభావమా, వడదెబ్బా: ఇంటి దగ్గర ఏది చూడమనాలి?

క్యాజువాలిటీలో పనిచేసే నర్సులు, డాక్టర్లు దయచేసి చెప్పండి. ఫెనిరమైన్ లాంటి మత్తునిచ్చే అలర్జీ మాత్రలు ఎక్కువగా మింగినవారిని గుర్తుపట్టేలా ఆశా కార్యకర్తల కోసం ఒక పేజీ రాస్తున్నాం.

ఎండాకాలంలో దీన్ని వడదెబ్బ అనుకునే ప్రమాదం ఉంది. రెండింటిలోనూ ఒళ్లు కాలిపోతుంది, నాడి వేగంగా కొట్టుకుంటుంది, మాట పొంతన తప్పుతుంది. ఈ మాత్రలు చెమట గ్రంథులకు అందే సంకేతాన్ని అడ్డుకుంటాయి కాబట్టి చంకలో కూడా తడి ఉండదు. నోరు ఎండిపోతుంది, మూత్రం ఆగిపోతుంది. వెలుతురులోనూ కంటిపాపలు పెద్దవిగానే ఉంటాయి. లేని పురుగుల్ని ఏరుతున్నట్టు దుప్పటి మీద, గాల్లో వేళ్లు కదుపుతుంటారు. మన పల్లెల్లో ఎక్కువగా చూసే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు కేసుల్లో అంతా ఇందుకు తారుమారు: చెమట, చొంగ, సూదిమొనంత పాపలు.

మాత్రలు ఎక్కువ మింగారని తెలిస్తే లక్షణాల కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయమని, ఖాళీ స్ట్రిప్పులు వెంట పంపమని రాశాం. మత్తులోనో ఫిట్స్‌లోనో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కాబట్టి వాంతి చేయించవద్దనీ చేర్చాం.

మా సందేహం ఒక్కటే. మాత్రల సంగతి ఇంట్లోవాళ్లు దాచినప్పుడు మీకు మొదట అనుమానం కలిగించేది ఏది: పొడి చంకా, పాపలా, ఆ వేళ్ల కదలికా? కలవరం లేకుండా మత్తుగా పడుకున్నవారిలో ఏది చూడమంటారు?