తొలగించిన వీడియోపై అప్పీల్: ఉన్న ఒక్క అవకాశంలో ఏం రాయాలి?

కావడి_చిత్తూరు: ఆడికృత్తికకు మా ఊళ్ళో బుగ్గలకు శూలాలు గుచ్చుకుని కావళ్ళు మోసిన భక్తుల వీడియోను హింసాత్మక దృశ్యాలంటూ తొలగించి, ఛానెల్‌పై స్ట్రైక్ వేశారు. దాని శీర్షిక "ఒళ్ళు గగుర్పొడిచే ఆడికృత్తిక మొక్కు". అప్పీల్ చేయడం మేలా, డిలీట్ చేసి కత్తిరించి మళ్ళీ పెట్టడం మేలా?

గిరింపేట_రమణ: అప్పీల్ వృథా ప్రయాస. ఆ వీడియోను డిలీట్ చేస్తే స్ట్రైక్ కూడా దానితోనే పోతుంది. శూలం గుచ్చే భాగం తీసేసి, శీర్షిక మార్చి కొత్తగా ఎక్కించండి. ఆ "ఒళ్ళు గగుర్పొడిచే" అన్న మాటే మీ కొంప ముంచి ఉంటుంది.

తిరుచానూరు_శారద: ఏ వేదికో మీరు చెప్పలేదు గనుక, ఎక్కువమంది వాడే యూట్యూబ్ పద్ధతిని బట్టి చెబుతున్నాను. రమణ గారు శీర్షిక గురించి అన్నది నిజమే గాని, డిలీట్ చేస్తే స్ట్రైక్ పోతుందన్నది నిజం కాదు. వీడియో పోయినా స్ట్రైక్ 90 రోజులు నిలిచే ఉంటుంది. ఆ 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు గనుక, అదే వీడియోను పెద్దగా మార్చకుండా మళ్ళీ ఎక్కించడం సాహసమే. ఒక్కో స్ట్రైక్‌పై అప్పీల్ ఒక్కసారే కాబట్టి, కోపంలో రెండు వాక్యాలు రాసి పంపేస్తే అక్కడితో సరి.

ముందుగా ఈమెయిల్‌లో ఏ నియమం పేరు చెప్పారో, వీడియోలో ఏ సమయాన్ని చూపారో చూడండి. తరువాత `YouTube Studio`లో `Content` తెరిచి, `Restrictions` వరుసలో ఆ వీడియోకు ఎదురుగా ఉన్న కారణంపై మౌస్ ఉంచితే `See details` వస్తుంది, అప్పీల్ దారి అక్కడే ఉంటుంది.

రాయవలసింది మీ బాధ కాదు; ఆ నియమం దేనిని నిషేధిస్తుందో, మీ వీడియో దానిలోకి ఎందుకు రాదో రాయాలి. హింసాత్మక దృశ్యాల నియమం ప్రధానంగా చూసేది జనాన్ని దిగ్భ్రాంతికో, జుగుప్సకో గురిచేసే ఉద్దేశంతో పెట్టారా అన్నది. విద్య, డాక్యుమెంటరీ, శాస్త్ర, కళా ప్రయోజనం ఉన్నవాటికి మినహాయింపు ఉంది గాని, ఆ సందర్భం వీడియోలోనే వినబడాలి, కనబడాలి. అప్పీల్ పెట్టెలో మీరు ఎంత బాగా వివరించినా, వీడియోలో లేని వివరణ లెక్కకు రాదు. మీ వీడియో నేను చూడలేదు గనుక సమయాలు ఊహించి ఒక నమూనా ఇస్తున్నాను:

"ఇది సుబ్రహ్మణ్యస్వామికి ఆడికృత్తిక నాడు భక్తులు స్వచ్ఛందంగా తీర్చుకునే మొక్కును నమోదు చేసిన వీడియో. 0:50 నుంచి 2:10 వరకు ఊరి పెద్ద ఆ ఆచారాన్ని వివరించారు. 4:12 నుంచి 4:40 వరకు శూలం గుచ్చే దృశ్యం ఉంది. అందులో ఉన్నవారందరూ పెద్దలే, గాయాన్ని దగ్గరగా చూపలేదు, ఎవరినీ అనుకరించమనలేదు. దిగ్భ్రాంతి కలిగించడం దీని ఉద్దేశం కాదు గనుక డాక్యుమెంటరీ మినహాయింపు కింద పునఃపరిశీలించగలరు."

ఇందులో ఏ ఒక్కటి నిజం కాకపోయినా ఆ వాక్యం తీసేయండి. అప్పీల్‌ను పరిశీలించేవారు నేరుగా 4:12కే వెళ్ళవచ్చు. శీర్షికను మీరుగా ప్రస్తావించకపోయినా అది వారి కంట పడుతుంది. ఉద్దేశం దిగ్భ్రాంతి కాదని మీరు రాస్తుంటే మీ శీర్షికే దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది, అసలు చిక్కు అదే.

పీలేరు_నాదం: మా నాదస్వర కచేరీ వీడియోపైనా ఎవరో కాపీరైట్ స్ట్రైక్ వేశారు. నేనూ ఈ నమూనాలోనే రాయవచ్చా?

తిరుచానూరు_శారద: వద్దు నాదం గారూ. అది వేరే దారి. కాపీరైట్ స్ట్రైక్‌కు ఇచ్చేది కౌంటర్ నోటిఫికేషన్. అందులో చట్టపరమైన ప్రకటన చేయాలి, మీ వివరాలు అవతలి పక్షానికి చేరతాయి.

గిరింపేట_రమణ: సరే, డిలీట్ విషయం నాకు అలాగే తెలుసు. కానీ వయోపరిమితి పెట్టినా సమ్మతమేనని అప్పీల్‌లోనే రాస్తే సగం పని తేలిక కాదా?

కావడి_చిత్తూరు: అలా రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదండీ? పైగా లాగిన్ కానివారికి, పద్దెనిమిదేళ్ళు నిండనివారికి వీడియో కనిపించదు. మా ఊరి పిల్లలు చూడాలనే కదా తీసింది. ఊరి పెద్ద మాటలు వీడియోలో ఉన్నాయి గాని, శూలం గుచ్చిన తరువాతే వస్తాయి.

తిరుచానూరు_శారద: ఆ వరుస ఇప్పుడు మార్చలేరు, సమయాలు ఉన్నవి ఉన్నట్టే రాయండి. వయోపరిమితి విషయంలో నేను రమణ గారి వైపే. నియమాన్ని మీరకపోయినా అందరికీ తగదనిపిస్తే యూట్యూబ్ వారే ఆ పరిమితితో వీడియోను తిరిగి ఇవ్వవచ్చు. ముందే సమ్మతించడం లొంగిపోవడం కాదని నా అభిప్రాయం.

మదనపల్లె_వకీలు: అప్పీల్ కొట్టివేస్తే ఆగిపోనక్కరలేదు. 2021 ఐటీ నియమాల ప్రకారం ఆ సంస్థ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు చేసి, ఆయన నిర్ణయం అందిన 30 రోజుల్లో `gac.gov.in`లో అప్పీలేట్ కమిటీకి వెళ్ళవచ్చు. తొలగింపు ఈమెయిల్, అప్పీల్ పాఠం, జవాబు, అసలు వీడియో ఫైలు భద్రపరచండి.

గిరింపేట_రమణ: ఒక మొక్కుబడి వీడియో కోసం కమిటీ దాకానా? అక్కడ తేలేసరికి మళ్ళీ ఆడికృత్తిక వచ్చేస్తుందేమో వకీలు గారూ.