మొక్కై వంగనిది మానై వంగునా: భాష సంగతి ఏమిటి?

రాయగడ నుంచి ఒక తల్లి: నిన్న మా అమ్మ మా పాప మాటలు విని ఈ సామెత అంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మా ఆయన ఒడియా వారు. పాపకి 4 ఏళ్ళు నిండేదాకా అమ్మే పెంచింది, అప్పుడు తెలుగు గలగలా మాట్లాడేది. తర్వాత అమ్మ పార్వతీపురం వెళ్ళిపోయింది. ఇంట్లో, బడిలో అంతా ఒడియా అయిపోయింది. ఇప్పుడు దానికి 11 ఏళ్ళు. మెడ నొప్పి అనబోయి "మేడ నొప్పి" అంటుంది. "నాన్న వచ్చింది" అంటుంది. వయసు దాటితే భాష ఇక రాదా?

గుణుపురం: రాదండీ. లెన్నెబర్గ్ అనే భాషా శాస్త్రవేత్త 1967లోనే రాశాడు. సుమారు 2 ఏళ్ళ నుంచి యుక్తవయసు దాకానే మెదడు భాషను దానంతట అదే పట్టుకుంటుంది. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుంది. పాపకి ఇంకో ఏడాదో రెండేళ్ళో ఉంది, త్వరపడండి.

పర్లాకిమిడి మాస్టారు: తల్లికి టెన్షన్ పెట్టకండి. లెన్నెబర్గ్ ప్రధానంగా చెప్పింది మొదటి భాష గురించి. దానికి తర్వాత గట్టి ఆధారాలే వచ్చాయి. పుట్టుచెవుడు ఉండి, చిన్నప్పుడు సైగల భాష కూడా అందక, పెద్దయ్యాకే అది నేర్చుకున్నవాళ్ళు ఎన్నేళ్ళు వాడినా వాక్య నిర్మాణంలో తడబడతారు. ఈ పాపకి ఆ లోటు లేదు, ఒడియా నిండుగా ఉంది.

రెండో భాష దగ్గరే అసలు తగువు. 1989లో జాన్సన్, న్యూపోర్ట్ అనే ఇద్దరు, చైనీస్, కొరియన్ మాతృభాషగా ఉండి అమెరికా చేరిన 46 మందికి ఇంగ్లీషు వాక్యాలు వినిపించి తప్పొప్పులు చెప్పమన్నారు. 3 నుంచి 7 ఏళ్ళ లోపు వచ్చినవాళ్ళు అక్కడ పుట్టినవాళ్ళతో సమానంగా చెప్పారు. ఆపైన ఎంత ఆలస్యంగా వస్తే అంత తగ్గింది. యుక్తవయసు దాటాక వచ్చినవాళ్ళలో మాత్రం వయసుకీ మార్కులకీ సంబంధం తెగిపోయింది. తలుపు వాదానికి ప్రాణం అక్కడే ఉంది. తలుపు మూసుకున్నాక 20లో వచ్చినా 35లో వచ్చినా ఒకటే కదా.

2003లో హకుటా బృందం అమెరికా 1990 జనాభా లెక్కల్లోంచి స్పానిష్, చైనీస్ మాట్లాడే 23 లక్షల మంది వివరాలు తీసింది. వచ్చిన వయసు పెరిగేకొద్దీ ఇంగ్లీషు తగ్గింది, కానీ 15 దగ్గరా 20 దగ్గరా ఆ గీత ఎక్కడా విరగలేదు. పెద్దవయసులోనూ అలా వాలుతూనే పోయింది. అంటే తలుపు కాదు, ఏటవాలు. ఒక లోపం ఉంది. అక్కడ పరీక్ష పెట్టలేదు, తమ ఇంగ్లీషు ఎంత బాగుందో వాళ్ళే చెప్పుకున్నారు.

జయపురం: నేను 32 ఏళ్ళకి బదిలీ మీద ఇక్కడికి వచ్చాను. రెండేళ్ళలో ఒడియా ఫైళ్ళు గడగడా చదివేశాను. వయసు అడ్డమేమీ కాదు. ఇంతకీ పాపని తెలుగు మీడియంలో వేద్దామనా?

రాయగడ: బడి మార్చే ఆలోచన లేదండీ. వాళ్ళ అమ్మమ్మతో తెలుగులో మాట్లాడుకుంటే చాలు.

పర్లాకిమిడి మాస్టారు: జయపురం వారూ, చదవడం వేరు. సంతలో మీరు నోరు విప్పగానే తెలుగువారని పట్టేస్తారా?

జయపురం: పట్టేస్తారు. వాళ్ళ 'అ'లో పెదవులు గుండ్రంగా తిరుగుతాయి, నాకు ఇరవై ఏళ్ళైనా తిరగలేదు.

పర్లాకిమిడి మాస్టారు: అదీ సంగతి. అమ్మా, ఒడియాలో హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థం మారదు, ఎ, ఏ అని రెండు లేవు. కాబట్టి పాప నోట్లో మెడ, మేడ కలిసిపోవడం సహజం. చెవిలోనూ కలిసిపోయాయా అన్నది చూడాలి. బొమ్మలు గీసి పెట్టండి. మెడ, మేడ, నెల, నేల. వెనక నిలబడి 20 సార్లు కలగాపులగంగా చెప్పండి. మెడకీ మేడకీ మధ్యే, నెలకీ నేలకీ మధ్యే ఎంచుకోమనండి. ఊహించి చూపిస్తే 10 దాకా ఒప్పవుతాయి.

రాయగడ: ఇప్పుడే చేశాం మాస్టారూ. 18 సరిగ్గా చూపించింది! తప్పిన రెండూ నెల, నేల దగ్గరే. మా అమ్మ ఇంకోసారి, ఇంకోసారి అంటూ వదలలేదు.

పర్లాకిమిడి మాస్టారు: చెవి పోలేదన్నమాట. 2002లో టెరీ ఆవ్ బృందం స్పానిష్ తరగతిలో చేరిన కాలేజీ పిల్లల్ని చూసింది. చిన్నప్పుడు ఇంట్లో ఆ భాష ఊరికే విని వదిలేసినవాళ్ళకి కూడా ఉచ్చారణ మిగతా విద్యార్థులకంటే బాగా వచ్చింది. వ్యాకరణంలో మాత్రం ఏ లాభమూ కనబడలేదు. తర్వాతి పరిశీలనలో, చిన్నప్పుడు వినడమే కాక మాట్లాడినవాళ్ళకి వ్యాకరణంలోనూ కొంత మేలు కనబడింది. మీ పాప నాలుగేళ్ళు మాట్లాడింది, అది పెద్ద ఆస్తి.

గుణుపురం: మరి "నాన్న వచ్చింది" సంగతి? అది వయసు దెబ్బే కదా.

రాయగడ: ఒడియా క్రియకి ఆడా మగా తేడా లేదు కదండీ. ఆ అలవాటేనేమో.

పర్లాకిమిడి మాస్టారు: వయసా, ఒడియా అలవాటా, ఏడేళ్ళు వాడకం లేకపోవడమా? ఒక్క పిల్లని చూసి మూడింటినీ విడదీయలేం. వయసు పెరిగేకొద్దీ ఆ మూడూ కలిసే పెరుగుతాయి, పరిశోధకుల తగువు తెగనిది కూడా అందుకే. అమ్మమ్మ ఎన్నాళ్ళుంటారు?

రాయగడ: సంక్రాంతి దాకా. ఇప్పుడు పక్కగదిలో "అమ్మమ్మ వచ్చాడు" అని వినబడింది, అమ్మ పడీపడీ నవ్వుతోంది. తేడా ఒకటుందని మాత్రం దానికి తెలిసినట్టుంది.