పెద్దవాళ్ళు పంపే తప్పుల మెసేజ్: ఊహించి సరుకు పంపాలా, మళ్ళీ అడగాలా?

పాలకొల్లు కొట్టు:
మా కిరాణా కొట్టుకి వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తాయండి. రిటైరైన మాస్టారు ఒకరున్నారు. చేతులు వణుకుతాయి, అయినా తనే టైప్ చేస్తారు. ఇవాళ ఇలా పంపారు:

```
biyyyam 255
nine 2 pkt
pasupunchinna
pesarapappu 11
bellambvaddu
```

మా కుర్రాడు ప్రతిసారీ ఫోన్ చేసి "అర్థం కాలేదండీ" అంటాడు, ఆయన చిన్నబుచ్చుకుంటారు. అడక్కుండా ఊహించి పంపేస్తే తప్పా?

భీమవరం అల్లుడు:
దీనికింత చర్చ ఎందుకండీ? వాయిస్ మెసేజ్ పెట్టమనండి, గొడవ వదిలిపోతుంది.

కాలవ గట్టు:
వాయిస్ కొందరికి బాగానే పనికొస్తుంది. కానీ ఈయన రాయాలనుకుంటున్నారు, పైగా రాసింది చాలావరకు తెలుస్తూనే ఉంది. నేను ఫోన్ యాప్‌లు పరీక్షించే పనిలో ఉన్నాను, ఇలాంటివి రోజూ చూస్తాను. వణికే చేతి తప్పులకి ఒక తీరు ఉంటుంది. వేలు ఒకే మీట మీద రెండుసార్లు తగులుతుంది, అందుకే `biyyyam`. స్పేస్ నొక్కబోతే దాని పైనున్న b, n లాంటివి పడతాయి. `pasupunchinna`లో మధ్య n, `bellambvaddu`లో మధ్య b అలా వచ్చినవే. పసుపు చిన్న ప్యాకెట్, బెల్లం వద్దు. ఇక `nine` అంటే నూనె. u పక్కనే i ఉంటుంది. వేలు జారి ఉండొచ్చు, లేదా ఇంగ్లీషు ఆటోకరెక్ట్ మార్చి ఉండొచ్చు.

మాటల్ని ఇలా ఊహించి పంపేయొచ్చు, ఎందుకంటే మీ కొట్టులో ఉన్న సరుకుల్లో దానికి సరిపోయేది ఒకటే ఉంటుంది. అంకెకి ఆ ఆసరా లేదు. 1 ఎంత సరైన అంకో 11 కూడా అంతే. 255 సంగతి తేలికే, ఆయన నెలనెలా పాతిక కిలోల బస్తా తీసుకునేవారైతే రెండో 5 వణుకు వల్ల పడిందే. పెసరపప్పు 11 మాత్రం అడగాలి. ఇంట్లో ఏదైనా శుభకార్యం ఉందేమో మనకేం తెలుసు? "వద్దు" అన్న మాట కూడా అంతే, అది కనబడకపోతే అర్థమే తిరగబడుతుంది. మామూలుగా పంపే బెల్లాన్ని మీ కుర్రాడు అలవాటుకొద్దీ కట్టేస్తే ఆయన రాసిందానికి విలువేముంది?

పాలకొల్లు కొట్టు:
అడగడంతోనే కదండీ వచ్చింది బాధ.

కాలవ గట్టు:
అర్థం కాలేదంటే మొత్తం మళ్ళీ రాయమన్నట్టు వినబడుతుంది. తెలిసినవన్నీ కట్టించి, తెలియనిదొక్కటే అడగండి: "మాస్టారూ, పెసరపప్పు ఒక కిలోనా, పదకొండా?" "ఒక కిలోనే కదండీ?" అని మాత్రం అనొద్దు. మొహమాటానికి ఊఁ అనేస్తారు. రెండూ ముందు పెడితే ఆయన ఎంచుకోవాలి, అప్పుడు నిజం తెలుస్తుంది.

రాజోలు మందుల కొట్టు:
మాకు ఈ లెక్క కుదరదండీ. బీపీ మాత్ర పేరు చివర H ఉంటే అందులో ఒక మందు కలుస్తుంది, AM ఉంటే ఇంకొకటి. ఆ ఒక్క అక్షరం రాలిపోతే ఊహించడానికి నాకు హక్కు లేదు. పాత మాత్రల అట్ట ఫొటో పెట్టమంటాను. టైపింగ్ బాగా వచ్చిన కుర్రాళ్ళనీ అదే అడుగుతాను కాబట్టి పెద్దవాళ్ళు తప్పుగా అనుకోరు.

అంబాజీపేట:
మా అమ్మకీ ఇదే బాధ. పింఛన్ దగ్గర వేలిముద్ర పడదు. జీవితమంతా కొబ్బరి పీచు పనిలో ఉంది, గీతలు అరిగిపోయాయి.

కాలవ గట్టు:
అది వేరే సమస్య అమ్మా, టైపింగ్‌ది కాదు. వేలిముద్ర పడకపోతే ఇంకో దారి ఏముందో సచివాలయంలో అడగండి.

భీమవరం అల్లుడు:
పోనీ, మాస్టారి ఫోనే సరిచేయండి. హైదరాబాద్‌లో కొడుకు ఉంటే ఆయనకి చెప్పినా సరిపోతుంది, ఆర్డర్ ఆయనే పెడతాడు.

కాలవ గట్టు:
ఫోన్ సరిచేయడం మంచి మాట. ముందు ఆటోకరెక్ట్ తీసేయాలి. కొన్ని సామ్‌సంగ్ ఫోన్లలో Accessibility కింద `Ignore repeated touches` అని ఉంటుంది, వెంటనే రెండోసారి తగిలినదాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆ సమయం మరీ ఎక్కువ పెడితే `pappu`లో రెండో p కూడా పోతుంది, కాబట్టి తక్కువలో మొదలెట్టి ఆయన చేతే రాయించి చూడండి. అదీ ఆయన సరేనంటేనే. కొడుక్కి చెప్పడం మాత్రం నాకు నచ్చలేదు. తన ఇంటి సరుకు తను రాసుకునే మనిషిని పక్కకి తప్పించినట్టే.

రాజోలు మందుల కొట్టు:
ఎప్పుడూ అలా అనలేమండీ. నెలలు గడిచేకొద్దీ రాత ఇంకా పాడైతే అది టైపింగ్ సంగతే కాకపోవచ్చు, డాక్టరుకి చూపించాలి. అప్పుడూ ఇంట్లోవాళ్ళకి చెప్పకూడదంటారా?

కాలవ గట్టు:
ముందు ఆయనతోనే అంటాను. ఆయన వద్దంటే ఏం చేయాలో నేనూ తేల్చుకోలేదు.

పాలకొల్లు కొట్టు:
ఇప్పుడే అడిగానండీ. పదకొండే! ఆదివారం మనవరాలి ఓణీల ఫంక్షనట. పప్పు వేరే సంచిలో కట్టమన్నారు.