వెనక తెరకు 30 సెకన్ల లూప్ చాలా, 10 నిమిషాల వీడియో కావాలా?

తెరచాటు:
మూడు గంటల చర్చా కార్యక్రమం. స్టేజి వెనక 8 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు ఎల్ఈడీ వాల్. మాటలూ పాటలూ లేకుండా మెల్లగా కదిలే బ్యాక్‌గ్రౌండ్ కావాలన్నారు. ముదురు నీలం గ్రేడియంట్, దాని మీద సన్నటి అలల గీతలు, పైన తేలే వెలుగు నలకలు అనుకున్నాను. 30 సెకన్ల లూప్ సరిపోతుందని నా వాదన. నిర్వాహకులేమో "అదే మళ్లీ మళ్లీ వస్తే జనానికి విసుగు, పది నిమిషాలు చెయ్యండి" అంటున్నారు. ఎవరి మాట సరైనది?

కీఫ్రేమ్ కుర్రాడు:
30 చాలు బ్రో. మొదటి ఫ్రేమ్, చివరి ఫ్రేమ్ ఒకటే ఉండేలా చూసుకో. అంతే, అతుకు కనపడదు. పది నిమిషాలు రెండర్ పెడితే నీ సిస్టమ్‌కి జ్వరం వస్తుంది.

ముందువరస:
నేను నిర్వాహకుల పక్షం. మూడు గంటల్లో 30 సెకన్ల ముక్క 360 సార్లు తిరుగుతుంది. పది నిమిషాలదైతే 18 సార్లే. ప్రేక్షకుడిగా కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నా. ఒక కార్యక్రమంలో ఎడమ మూల నుంచి ఒక మెరుపు గీత కుడివైపు దూసుకెళ్లేది. నాలుగోసారికి నేను వక్త మాట వదిలేసి, అది మళ్లీ ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టడం మొదలెట్టాను.

పిక్సెల్ పంతులు:
ముందువరస గారూ, మీ అనుభవం నిజమే. కానీ తప్పు లూప్ పొడవుది కాదండీ, ఆ మెరుపు గీతది. కంటికి గుర్తుండిపోయేది ఒక్కటి ఉన్నా పది నిమిషాల వీడియోలోనూ పట్టేస్తాం. గుర్తుపట్టడానికి ఏమీ లేకపోతే 30 సెకన్లదైనా ఎవరికీ తెలియదు. కాబట్టి ముందు తీసేయాల్సినవి: ఒక్కసారే వచ్చే మెరుపు, ఒక్కటే పెద్ద ఆకారం, హఠాత్తుగా మారే రంగు.

ఇక కీఫ్రేమ్ తమ్ముడి మాట సగమే నిజం. చిత్రం కలిస్తే చాలదు, కదలిక వేగం కూడా కలవాలి. కీఫ్రేమ్‌లకు ఈజ్ పెట్టావనుకో, చివర్లో కదలిక నెమ్మదించి ఆగుతుంది, మొదట్లో మళ్లీ ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. రెండు ఫ్రేములూ అచ్చం ఒకటే, అయినా 30 సెకన్లకోసారి తెర మొత్తం ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది.

అందుకే కీఫ్రేమ్‌లు వదిలేసి కాలంతో నడిపించు. ప్రతి కదలికా 30లో పూర్తి చుట్లు తిరగాలి. గ్రేడియంట్ రంగు 30 సెకన్లకు ఒక చుట్టు, ఒక అల 15 సెకన్లకు, ఇంకో అల 10 సెకన్లకు. 15 సెకన్ల అల పైకీ కిందికీ 40 పిక్సెళ్లు ఊగాలంటే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో దాని నిలువు స్థానానికి ఇలా:

```
value + Math.sin(time / 15 * 2 * Math.PI) * 40
```

నిలువు స్థానానికి అన్నాను కదా, దానికి ముందు పొజిషన్‌ని విడదీయాలి (Separate Dimensions). గ్రేడియంట్‌కి ఫ్రాక్టల్ నాయిస్ వాడుతుంటే `Cycle Evolution` టిక్ పెట్టడం మర్చిపోకు.

తెరచాటు:
పంతులు గారూ, అలాగే చేశాను. అలలు బాగున్నాయి. కానీ తిరిగి మొదలయ్యే చోట చిన్న "టిక్" ఉంది. చూస్తే కనపడదు, కానీ ఏదో తగిలినట్టు తెలుస్తోంది.

పిక్సెల్ పంతులు:
ఫైల్లో ఎన్ని ఫ్రేములున్నాయి?

తెరచాటు:
901. చివరిది మొదటిదానితో కలవాలని 0 నుంచి 900 దాకా రెండర్ చేశాను.

పిక్సెల్ పంతులు:
అదే ఆ టిక్. 900వది, 0వది ఒకటే చిత్రం. లూప్ తిరిగినప్పుడు అది వరసగా రెండుసార్లు పడుతోంది, అంటే ఒక ఫ్రేమ్ సేపు కదలిక ఆగుతోంది. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 0 నుంచి 899 వరకే తియ్యి. సరిచూడాలంటే 898కీ 899కీ మధ్య ఎంత తేడా ఉందో, 899కీ 0కీ మధ్య కూడా అంతే ఉండాలి. తేడా అసలు లేకపోతే ఫ్రేమ్ రెండుసార్లు పడ్డట్టు, ఎక్కువుంటే ఎగిరినట్టు.

కీఫ్రేమ్ కుర్రాడు:
సరే, ఒప్పుకున్నా. కానీ నలకల సంగతేంటి? వాటికి సైన్ ఫార్ములా పెట్టలేం. చివరి 5 సెకన్లను మొదటి 5 సెకన్లతో క్రాస్‌ఫేడ్ చేసేస్తే పోలా?

పిక్సెల్ పంతులు:
మెత్తటి మబ్బులకైతే క్రాస్‌ఫేడ్ నడుస్తుంది. నలకలకు వద్దు. ఫేడ్ మధ్యలో రెండు గుంపులూ సగం వెలుగుతో ఉంటాయి, నలకలు రెట్టింపై అన్నీ మసకబారతాయి. 30 సెకన్లకోసారి తెర కళతప్పి మళ్లీ తేరుకుంటుంది. అదే మీరు వద్దనుకున్న గుర్తు.

తోకను తలకు తగిలించడం మంచిది. నలక ఆయుష్షు 8 సెకన్లకు మించకుండా పెట్టు. నలకలు 0 నుంచి 30వ సెకను వరకే పుట్టాలి, కానీ రెండర్ మాత్రం నల్ల నేపథ్యం మీద 38 సెకన్లు తియ్యి. ఆ చివరి 8 సెకన్లలో కొత్తవి పుట్టవు, పాతవి ఆరిపోతుంటాయి. ఆ తోకను కోసి మొదటి 8 సెకన్ల మీద `Add` మోడ్‌లో వేసెయ్. ఇప్పుడు 30 దగ్గర సగం బతికున్న నలక 0 దగ్గర తన దారినే కొనసాగుతుంది. ఎక్కడా ఫేడ్ లేదు.

స్టెప్పుల సీను:
మా డాన్స్ ప్రోగ్రామ్‌కి బీట్‌తో కలిసేలా లూప్ చేశాం, 120 బీపీఎం, అదిరింది. మీరు కూడా వీడియోలోనే సన్నగా ఒక మ్యూజిక్ పెట్టండి, లూప్ తెలియదు.

పిక్సెల్ పంతులు:
సీనూ, ఇక్కడ పాటే లేదయ్యా, మనుషులు మాట్లాడుకుంటారు. పైగా నిశ్శబ్దమైన ఆడియో ట్రాక్ ఉన్నా చిక్కే. ఏఏసీ ఆడియో 1024 శాంపిళ్ల ముక్కలుగా ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 30 సెకన్లకు 1406.25 ముక్కలు, పావు ముక్కతో ఆగడం కుదరదు. ఆడియో వీడియోకన్నా కాస్త పొడవై, కొన్ని ప్లేయర్లు ఆ మిగులు కోసం చివరి ఫ్రేమ్‌నో నలుపునో పట్టుకుంటాయి. ట్రాకే తీసెయ్యండి:

```
ffmpeg -i loop.mov -an -c:v copy loop_mute.mov
```

ముందువరస:
మెరుపు గీత విషయంలో ఓడిపోయాను. కానీ నలకలు కూడా ప్రతి 30 సెకన్లకూ అదే చోట అదే దారిలో పోతాయిగా? ముందు వరసలో కూర్చున్నవాడికి మూడు గంటలు అదే పని.

మూడో లేయర్:
దానికి నా దగ్గర మందుంది. ఒకే ఫైల్ వద్దు. గ్రేడియంట్ 27 సెకన్లు, అలలు 25, నలకలు 16. మూడు విడివిడి లూపులు, లేయర్లుగా ఒకదాని మీద ఒకటి. వీటిలో ఏ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు కాబట్టి అన్నీ ఒకేసారి మొదటికొచ్చేది 27ని 25తో, దాన్ని 16తో గుణిస్తే, 10,800 సెకన్లకు. సరిగ్గా మూడు గంటలు! ప్రేక్షకుడు ఒకే చిత్రాన్ని రెండోసారి చూడడు.

పిక్సెల్ పంతులు:
లెక్క ముచ్చటగా ఉంది. మరి తెర నడిపేవాడి దగ్గర లేయర్లు కలిపి ప్లే చేసే రెజొల్యూమ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటేనే అది నడుస్తుంది. పెన్‌డ్రైవ్ గుచ్చి ప్లే నొక్కే చోట మూడు లేయర్లు ఎవరు కలుపుతారు? నేనైతే ఒక్క ఫైలే ఇస్తాను, 30 బదులు 60 సెకన్లు చేసి.

మూడో లేయర్:
60 చేసినా మళ్లీ మళ్లీ వచ్చేది అదే నలకల గుంపు. నడిపేవాడితో ముందే మాట్లాడుకోలేమా?

తెరచాటు:
ఫోన్ చేసి అడిగాను. లేయర్లు వస్తాయట, కానీ హెచ్.264 ఫైళ్లు మూడు ఒకేసారి వద్దు, రెజొల్యూమ్ వాళ్ల సొంత ఫార్మాట్ డీఎక్స్‌వీలో ఇమ్మన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు. ప్యానెల్ ఒక్కో వైపు 500 మిల్లీమీటర్లు, ఒక్కో వైపు 128 పిక్సెళ్లు. అడ్డంగా 16, నిలువుగా 8 ప్యానెళ్లు, మొత్తం 2048×1024. నేను 1920×1080లో చేసి కూర్చున్నాను. ఒక పిక్సెల్ మందం గీతలు మెల్లగా కదులుతుంటే మెట్లు మెట్లుగా ఎగురుతాయట.

పిక్సెల్ పంతులు:
ఎగురుతాయి. గీతను 4 పిక్సెళ్లకు పెంచి అంచులు మెత్తబరుచు. ఎటూ మళ్లీ రెండర్ తప్పదు కాబట్టి, లేయర్లు విడివిడిగా తీసి పెట్టుకో. అన్నీ కలిపిన 60 సెకన్ల ఫైల్ కూడా ఒకటి వెంట ఉంచుకో.

ముందువరస:
నిర్వాహకులకు మాత్రం "మూడు గంటల వీడియో" అని చెప్పండి. పది నిమిషాల గొడవ తీరిపోతుంది.