అప్‌డేట్: ఇరుకు బూట్లు, అరికాలి మంట

నా ప్రశ్న: "ఇరుకు బూట్లు వేసుకుని నడిస్తే వేళ్ల మొదళ్ల కింద మంట, విప్పితే తగ్గుతోంది. ఎందుకు?"

డాక్టర్ పాదాన్ని రెండు పక్కలా పట్టి నొక్కుతూ, మూడో, నాలుగో వేళ్ల మధ్య కింద నుంచి అదిమారు. టిక్కుమని ఏదో కదిలింది, వెంటనే అదే మంట! మోర్టన్స్ న్యూరోమా అట. పేరు విని టెన్షన్ పడ్డాను కానీ ఇది క్యాన్సర్ గడ్డ కాదు. ఒత్తిడికి నరం చుట్టూ కణజాలం మందమవుతుంది.

బూటు లోపలి అట్ట తీసి దానిమీద నిలబడమన్నారు. పాత బూట్ల అట్ట మీద నా చిటికెన వేలు సగం బయటే ఉంది. ఇప్పుడు ముందు భాగం వెడల్పుగా, మడమ తక్కువగా ఉన్నవి వేసుకుంటున్నాను. లోపల మెత్తటి ప్యాడ్ కూడా పెట్టాను. దాన్ని మంట ఉన్నచోట కాకుండా కాస్త వెనక, మడమ వైపు పెట్టాలి. అప్పుడే ఎముకలు విడివడి నరానికి చోటు దొరుకుతుంది.

మంట బాగా తగ్గింది. వేళ్ల మధ్య తిమ్మిరి మాత్రం ఇంకా ఉంది. అది పోకపోతే ఇంజెక్షన్ గురించి ఆలోచిద్దామన్నారు.